వాళ్ళింటికి మొదటిసారి పోయే ముందు: అమ్మ పుట్టిల్లు తెలుసుకోండి, మిగతా ప్రిపరేషన్ ఆపండి



సెలవులు దగ్గర పడితే చాలు, జూనియర్ల నుంచి మాకు ఒకే రకం మెసేజ్‌లు వస్తాయి. "అన్నా, వాళ్ళింట్ల చెప్పిందంట, ఒకసారి తీస్కరమ్మన్నరంట. ఏం తీస్కపోవాలె? ఏం మాట్లాడాలె? ఏం డ్రెస్ ఏస్కోవాలె?" అమ్మాయిలైతే, "అక్కా, వాళ్ళమ్మ ముందు ఎట్లుండాలె?" అంటారు. ఒక్కొక్కరికి విడిగా చెప్పడం కంటే అందరికీ ఒకేసారి చెబుదామని మేము నలుగురం కూర్చుని ఇది రాస్తున్నాం. మేము ములుగు, భద్రాద్రి వైపు కోయ ఇళ్ళ పిల్లలం. అందుకే ఇందులో చెప్పేది ఎక్కువగా కోయ ఇళ్ళ సంగతి. గోండు మిత్రులు గట్టు అన్నచోట సగ అని, లంబాడ మిత్రులు గోత్రం అని చదువుకుంటే చాలావరకు సరిపోతుంది. సరిపోని చోట కింద రాయండి, మాకూ తెలుస్తుంది.

మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం. మొదటిసారి వాళ్ళింటికి పోయేవాళ్ళు తయారు కావాల్సిన వాటికి అసలు తయారు కావట్లేదు, అక్కర్లేని వాటికి నెల రోజులు తయారవుతున్నారు. ఈ అక్కర్లేని తయారీ సినిమాల్లోంచి, కోచింగ్ సెంటర్ ఇంటర్వ్యూ క్లాసుల్లోంచి వచ్చింది. పట్నంలో పెళ్ళిచూపులంటే ఉద్యోగం ఏంటి, జీతం ఎంత, సొంత ఇల్లుందా అనే లెక్క. దానికి జవాబులు బట్టీ పట్టొచ్చు. మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు వేసే మొదటి లెక్క అది కాదు. నువ్వు మాకు ఏ వరస అవుతావు అన్నది మొదటి లెక్క. ఉద్యోగం, చదువు తర్వాత వస్తాయి. వరస కుదరకపోతే అవి వచ్చినా లాభం లేదు.

కొంతమందికి ఇది తెలియకపోవడం వాళ్ళ తప్పు కాదు. మూడో తరగతి నుంచి ఆశ్రమ పాఠశాలలో, తర్వాత గురుకులంలో, ఆ తర్వాత సిటీ హాస్టల్‌లో పెరిగాం. పండక్కి నాలుగు రోజులు ఇంటికొచ్చి పోయే పిల్లలకు గట్టు సంగతి ఎవరు చెప్తారు? అందుకే కొంచెం వివరంగా చెప్తాం.

కోయల్లో ప్రతి ఇంటిపేరూ ఏదో ఒక గట్టులో ఉంటుంది. మూడో గట్టు, నాలుగో గట్టు, ఐదో గట్టు, ఆరో గట్టు, ఏడో గట్టు అని మన పెద్దవాళ్ళు అంటుంటే వినే ఉంటారు. గోండుల్లో నాలుగు, ఐదు, ఆరు, ఏడు దేవుళ్ళ సగలు ఉన్నట్టే ఇదీ. ఒకే గట్టులో ఉన్న ఇంటిపేర్లన్నీ అన్నదమ్ముల ఇళ్ళు. ఊళ్ళు వేరైనా, జిల్లాలు వేరైనా, ఒకరినొకరు ఎప్పుడూ చూడకపోయినా, ఆ ఇళ్ళ పిల్లలు అన్నాచెల్లెళ్ళ వరసే. పెళ్ళి వేరే గట్టుతోనే చేసుకోవాలి. కొన్ని చోట్ల రెండు గట్లను కూడా అన్నదమ్ముల కిందే లెక్కేస్తారు, అది ఆ ప్రాంతం పెద్దల్నే అడగాలి. ఇంటిపేరు వేరు కదా అని ఊరుకుంటే ఇక్కడే దెబ్బ తింటారు. ఇంటిపేర్లు వేరైనా గట్టు ఒకటే కావచ్చు. కాలేజీ అటెండెన్స్ రిజిస్టర్‌లో ఇంటిపేరు ఉంటుంది కానీ గట్టు ఉండదు.

ఈ లెక్కంతా పాత కాలంలో డోలి వాళ్ళు పడిగె పట్టుకుని పాడి చెప్పేవాళ్ళు. ఏ ఇల్లు ఎక్కణ్ణుంచి వచ్చింది, ఏ వేల్పు ఎవరిది, ఎవరికి ఎవరు అన్నదమ్ములు అన్నది వాళ్ళ నోట్లోనే ఉండేది. మణుగూరు దగ్గర కూనవరం సకిని రామచంద్రయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది ఈ విద్యకే. అప్పుడు మన స్టేటస్‌లన్నీ ఆయన ఫోటోలే. ఆయన పాడినదాంట్లో మన ఇంటి లెక్క కూడా ఉండేదని మాత్రం ఎంతమందికి తట్టిందో మాకు అనుమానమే.

ఇప్పుడు ఒక కేసు చెప్తాం. మాకు బాగా తెలిసిన అబ్బాయే, అతను ఒప్పుకున్నాకే రాస్తున్నాం, పేరూ ఊరూ మాత్రం వద్దన్నాడు. తాడ్వాయి మండలం అబ్బాయి, చర్ల మండలం అమ్మాయి. ఇద్దరూ వరంగల్‌లో పీజీ. ఏడాదిన్నర పరిచయం. అమ్మాయి ఇంట్లో చెప్పింది. మే నెలలో రమ్మన్నారు.

ఇతను చేసిన తయారీ వినండి. హన్మకొండలో రెండు కిలోల స్వీట్లు కొన్నాడు. అమ్మాయి వాళ్ళమ్మకు చీర కొన్నాడు. రూమ్మేట్ బూట్లు అడిగి తీసుకున్నాడు. ములుగు వైపు మనలో చాలామందికి కోయ భాష రాదు, ఇంట్లో తెలుగే. చర్ల వైపు ఇళ్ళల్లో కోయ మాట్లాడతారని భయపడి ఫోన్‌లో వీడియోలు చూసి ఇరవై ముప్పై మాటలు రాసుకున్నాడు. చివరికి ఒక సీనియర్ సలహా మీద వాళ్ళ నాన్న కోసం ఒక ఫుల్ బాటిల్ కూడా బ్యాగులో పెట్టుకున్నాడు. ఇన్ని చేసినవాడు వాళ్ళమ్మకు ఫోన్ చేసి మన గట్టేంది, నీ పుట్టింటి గట్టేంది అని మాత్రం అడగలేదు.

అదృష్టం ఏందంటే బయల్దేరే ముందు రోజు రాత్రి ఆ అమ్మాయే ఫోన్ చేసి ఏమేం తెస్తున్నావని అడిగింది. బాటిల్ మాట వినంగనే అరిచింది. మన వైపు అబ్బాయి తరఫు వాళ్ళు కల్లో సారో పట్టుకుని అమ్మాయి ఇంటికి పోవడమంటే పిల్లను అడగడం. వాళ్ళు ఆ కుండ తీసుకుని తాగితే మాట ఖాయం అన్నట్టు, తాగకపోతే వద్దన్నట్టు. పెద్దవాళ్ళు లేకుండా ఒక్కడే పోయి బాటిల్ బయటపెడితే అది మర్యాద కాదు, తొందరపాటు. తాగితే ఏం అర్థమో, తాగకపోతే ఏం అర్థమో తెలియక వాళ్ళ నాన్న ఇరుక్కుంటాడు. చీర కూడా అంతే. మొదటి రోజే బట్టలు పెట్టడమంటే చాలా ఊళ్ళల్లో దానికి వేరే అర్థం ఉంది. ఊరిని బట్టి తేడా ఉండొచ్చు, కానీ తేడా తెలియనప్పుడు తీసుకుపోకపోవడమే నయం. బాటిలూ చీరా రూములోనే ఉండిపోయాయి.

మరి ఏం తీసుకుపోవాలి? మీ ఇంట్లో ఉన్నది, మీ ఇంటికి వచ్చిన చుట్టం చేతిలో మీ అమ్మ ఏం పెడుతుందో అది. చింతపండు, ఇంటి కందిపప్పు, తేనె, పిల్లలుంటే ఒక బిస్కెట్ పొట్లం. అంతే. ఒక్క జాగ్రత్త మాత్రం ఉంది. ఆ ఊళ్ళో ఇంకా కొత్త పండుగ కాని పంటను తీసుకుపోవద్దు. మామిడి పండుగ, అంటే మర్కా పండుం చెయ్యకముందు మామిడికాయ ముట్టని ఇళ్ళు ఇంకా ఉన్నాయి. చిక్కుడు, కొత్త ధాన్యం కూడా అంతే. మీ ఊళ్ళో పండుగ అయిపోయుండొచ్చు, వాళ్ళ ఊళ్ళో కాకపోవచ్చు. ఈ ఒక్క ముక్క మీ జంటనే అడగండి, వాళ్ళకు తెలుస్తుంది.

సరే, అతను ఏటూరునాగారం దాటి, ముల్లకట్ట బ్రిడ్జి మీదుగా వెంకటాపురం, అక్కణ్ణుంచి చర్ల పోయాడు. ఎండ మండిపోతోంది. కాళ్ళకు నీళ్ళిచ్చారు, పందిరి కింద నులక మంచం వేశారు, అంబలి పోశారు. అమ్మాయి పెదనాన్న వచ్చి కూర్చున్నాడు. "ఏ ఊరు బాబూ?" అన్నాడు. మనవాడు ఊరు పేరు చెప్పి, ఆగకుండా ఎమ్మెస్సీ బోటనీ, గ్రూప్-2 కోచింగ్, బీఈడీ కూడా ఉంది అని అంతా ఒక్క దమ్మున చెప్పేశాడు. రాసుకున్నది అదే వరసలో ఉంది మరి. పెద్దాయన అంతా విని, "అది సరే, ఎవరింటోళ్ళు?" అన్నాడు. ఇంటిపేరు చెప్పాడు. "ఏ గట్టు?" అన్నాడు. అక్కడ ఆగిపోయాడు.

మధ్యలో నేర్చుకున్న కోయ మాటలు రెండు వాడి చూశాడు. పిల్లలు నవ్వారు. ఎందుకంటే కోయ కూడా అన్ని చోట్లా ఒక్కలా ఉండదు. వీడియోలో ఎక్కడివాళ్ళు మాట్లాడారో గానీ, ఆ మాటలు చర్ల వైపు మాటలు కావు. ఆ నవ్వులో చెడు ఏమీ లేదు, కానీ ఇతనికి చెమటలు పట్టాయి.

అప్పుడు లోపల గడప దగ్గర కూర్చున్న అమ్మాయి నానమ్మ, "వాళ్ళమ్మది ఏ ఇల్లో అడుగు" అన్నది. అమ్మ పుట్టింటి పేరు అతనికి తెలుసు, మేనమామల ఊరు కూడా తెలుసు, చిన్నప్పుడు సెలవులు అక్కడే గడిపాడు కాబట్టి. చెప్పాడు. ముసలామె వేళ్ళ మీద ఏదో లెక్కేసుకుని, "మనోళ్ళే" అన్నది. విషయం ఏందంటే, ఇతని అమ్మ పుట్టింటి గట్టూ, ఆ అమ్మాయి నాన్న గట్టూ ఒకటే. అంటే ఇతని అమ్మకు ఆ అమ్మాయి నాన్న అన్నదమ్ముల వరస. అంటే ఆయన ఇతనికి మేనమామ వరస. మేనమామ కూతురు మరదలు. నానమ్మేమో ఇతనికి అమ్మమ్మ వరస. ఇంకేం కావాలి? తండ్రి గట్టు అప్పటికి తేలకపోయినా, వాళ్ళమ్మను ఇచ్చిన ఇల్లు వేరే గట్టుదే అయ్యుండాలి కాబట్టి ఆ లెక్క సగం దానంతటదే తేలిపోయింది. మిగతా సగం పెదనాన్న ఏటూరునాగారం వైపు చుట్టానికి ఫోన్ చేసి పావుగంటలో తేల్చుకున్నాడు.

ఆ తర్వాత జరిగింది మేము ఊహించగలం, మీరూ ఊహించగలరు. అప్పటిదాకా "బాబూ" అన్నాయన "అల్లుడూ" అనకపోయినా, "నువ్వు" అనడం మొదలుపెట్టాడు. ముసలామె పరాచికాలాడింది. పెద్దాయన చేపల గురించి, గోదావరి నీళ్ళ గురించి, వాళ్ళ పోడు పట్టా గురించి మాట్లాడాడు. ఎమ్మెస్సీ సంగతి సాయంత్రం వచ్చింది, అదీ "ఏ పంటకు ఏ పురుగు మందు కొట్టాలో నీకు తెలుసా" అని. తెలిసింది చెప్పాడు, తెలియనిది తెలియదన్నాడు. ఇందులో ఏదీ ముందు రాసుకున్నది కాదు.

ఇక్కడ మా పాయింట్ చూడండి. వరస తెలిస్తే ఎట్లా మాట్లాడాలో వేరే నేర్చుకోనక్కర్లేదు. మేనమామతో ఎట్లా ఉండాలో మీకు చిన్నప్పటి నుంచి తెలుసు. అమ్మమ్మతో ఎంత చనువో, అత్తతో ఎంత దూరమో, బావమరిదితో ఎంత వెటకారమో మీకు ఒంట్లోనే ఉంది. వరస తెలియనంతసేపే మీరు ఇంటర్వ్యూ క్యాండిడేట్. మనవాళ్ళ పద్ధతిలో ఉన్న సులువు ఇదే, దాన్ని వదిలేసి బూట్లు అరువు తెచ్చుకుంటున్నాం.

కాబట్టి పోయే ముందు ఒక్క ఫోన్. మీ నానమ్మకో, తాతకో, ఎవరుంటే వాళ్ళకు. మన గట్టేంది, మన వేల్పు ఏ ఊళ్ళో ఉంటుంది, అమ్మ పుట్టింటి ఇంటిపేరేంది, దాని గట్టేంది, నానమ్మ ఏ ఇంటి నుంచి వచ్చింది. ఇంతే. పది నిమిషాలు పట్టదు. ఈ ఫోన్ వాళ్ళింటికి పోయే ముందు రోజు కాదు, ఇష్టం మొదలైన కొత్తలోనే చేసుకోవాలని మేము గట్టిగా అంటాం. ఎందుకంటే అప్పుడప్పుడు ఇద్దరిదీ ఒకే గట్టు అని తేలుతుంది. అది మంచం మీద కూర్చున్నాక, నలుగురి ముందు తేలితే ఇంక మాట్లాడుకోవడానికి ఏమీ ఉండదు. అబ్బాయి తలదించుకుని బస్సెక్కుతాడు, ఇంట్లో అమ్మాయి పరిస్థితి అంతకంటే ఘోరం. కుల పంచాయతీ, తప్పు కట్టడం దాకా పోయిన ఇళ్ళు ఉన్నాయి.

ఒకే గట్టు అయితే ఏం చెయ్యాలి? దీని మీద మాలోనే రెండు అభిప్రాయాలున్నాయి. రక్తం కలవని, వంద కిలోమీటర్ల దూరంలో ఉన్న ఇద్దర్ని అన్నాచెల్లెళ్ళంటే ఎట్లా అని ఒకరు. గట్టు పోతే మనకు ఇంకేం మిగిలింది అని ఇంకొకరు. మేము ఇక్కడ తీర్పు చెప్పట్లేదు. కానీ ఒక్క విషయంలో నలుగురం ఒకటే. దాన్ని దాచిపెట్టి, ఇంటిపేరు మార్చి చెప్పి ఆ ఇంట్లో అన్నం తినొద్దు. ఏటూరునాగారం నుంచి చింతూరు దాకా ఎవరికెవరు చుట్టమో ఒక్క ఫోన్‌లో తెలిసిపోతుంది. గట్టుకు ఎదురు నిలబడాలనుకుంటే ముందు మీ సొంత ఇంట్లో నిలబడి, పెద్దవాళ్ళలో ఒక్కరినైనా మీ వైపు తెచ్చుకుని, అప్పుడు పోండి.

కల్లు సంగతి చాలామంది అడిగారు. వాళ్ళ నాన్న కల్లు పోస్తే తాగాలా వద్దా? తాగే అలవాటుంటే, వాళ్ళు ముందు నేల మీద నాలుగు చుక్కలు పెద్దల పేర వదిలేదాకా ఆగండి, మీరూ అట్లాగే వదిలి, ఒక డొప్పతో ఆపండి. అలవాటు లేకపోతే "నేను తాగను మామా" అని ఒక్కసారి మామూలుగా చెప్పండి. సాకులు వద్దు. కడుపునొప్పి, టాబ్లెట్లు వాడుతున్నా అని అబద్ధాలు మొదలుపెడితే వాళ్ళ అమ్మ మందు వేరు తెచ్చి నూరి తాగిస్తుంది, అప్పుడు దానికి ఇంకో అబద్ధం ఆడాలి. మన ఇళ్ళల్లో తాగని మనిషిని ఎవరూ తక్కువ చూడరు, నటించే మనిషిని చూస్తారు.

ఇంకొకటి, పిలవకుండా వంటింటి లోపలికి, వేల్పు మూల ఉన్న గదిలోకి పోవద్దు. కలుపుగోలుగా ఉందామని గిన్నె పట్టుకుని లోపలికి పోయినవాళ్ళున్నారు. మీ ఊళ్ళో కూడా పరాయి ఇంటివాళ్ళను అక్కడికి రానియ్యరు కదా, ఇక్కడ మాత్రం ఎందుకు మర్చిపోతారో.

ఇప్పుడు అమ్మాయిల సంగతి. ఇది వేరు. ఇద్దరికీ ఒకే సలహా ఇస్తే అన్యాయం అవుతుంది. అబ్బాయి అమ్మాయి ఇంటికి పోయి రాత్రి ఉండిపోతే చుట్టం అంటారు. అమ్మాయి అబ్బాయి ఇంటికి పోయి రాత్రి ఉంటే, మన వైపు చాలా ఊళ్ళల్లో దానికి అర్థం వేరు. వచ్చేసింది అంటారు. తెల్లారేసరికి ఊళ్ళో పెద్దలు కూర్చుంటారు, మీ ఇంటికి కబురు పోతుంది. మీరు అనుకున్నది పరిచయం, వాళ్ళు అనుకున్నది పెళ్ళి. కాబట్టి అమ్మాయిలు ఒక్కరే పోవద్దు. అక్కనో, వదిననో, కనీసం ఒక స్నేహితురాలినో వెంటపెట్టుకుని పొద్దున పోయి సాయంత్రం బస్సుకు వచ్చెయ్యండి. మా మాట అందరూ ఒప్పుకోరని తెలుసు. ఇది పాతకాలం ఆలోచన అని ఒక చెల్లి ముందే గొడవ పెట్టుకుంది. ఊరు అట్లా అనుకోవడం సరైందని మేము అనట్లేదు, అట్లా అనుకుంటుందని మాత్రం చెప్తున్నాం. చివరి బస్సు ఎన్నింటికో ముందే కనుక్కోండి. వెంకటాపురం, వాజేడు వైపు సాయంత్రం బస్సులు తక్కువ. వానాకాలం వాగులు పొంగితే అసలు నమ్మడానికి లేదు. బస్సు పోయింది కాబట్టి ఉండిపోయా అంటే ఎవరూ వినరు.

రెండోది పని. అమ్మాయి ఇంట్లో అడుగుపెట్టంగనే బిందె తీస్తుందా, చీపురు పడుతుందా అని చూసేవాళ్ళుంటారు. దాన్ని ముందే తెలుసుకుని, పోయిన పది నిమిషాలకే అంట్లు ముందేసుకునే చెల్లెళ్ళు ఉన్నారు. ఇదే అన్నిటికంటే ఎక్కువ ఓవర్ ప్రిపరేషన్ అని మా అభిప్రాయం. మీ ఇంటికి వచ్చిన చుట్టం ఎంత చేస్తుందో అంతే చెయ్యండి. తిన్న ఆకు తీసెయ్యండి, పెద్దామె ఇప్పపువ్వో చింతపండో బాగుచేస్తుంటే పక్కన కూర్చుని చెయ్యి కలపండి. మాట్లాడటానికి అంతకంటే మంచి చోటు లేదు. అంతకుమించి చేస్తే అది మొదటి రోజు గొప్ప, ఆ తర్వాత ముప్పై ఏళ్ళు లెక్క. మీరు చదువుకుంటున్నారని, ఉద్యోగం చేస్తారని వాళ్ళకు ఆ రోజే తెలియడం మంచిది. చేతకాని పని చేతనైనట్టు చూపించి, రేపు పెళ్ళయ్యాక "అప్పుడు చేసినవు కదా" అనిపించుకోవద్దు.

మీ జంట మైదానం పిల్లో పిల్లోడో అయితే సంగతి పూర్తిగా మారిపోతుంది. అక్కడ గట్టు అడగరు. "మీరేమిట్లు?" అని అడుగుతారు. కొందరు అదీ అడగరు, ఇంటిపేరు రెండుసార్లు అడిగి ఊరుకుంటారు. ఈ ప్రశ్నకు జవాబు ఆ రోజు మీరు చెప్పాల్సిన పరిస్థితి రాకూడదు. మీ జంట ముందే ఇంట్లో చెప్పి ఉండాలి. "కోయ పిల్లోడు, ములుగు జిల్లా" అని. "ముందు నిన్ను చూడనీ, నచ్చాక చెప్తా" అంటే పోవద్దు. మంచి బట్టలేసుకుని, భాష మార్చుకుని, మనం కానట్టు కూర్చుని నచ్చిపించుకుంటే, వాళ్ళకు నచ్చింది మనం కాదు. నిజం తెలిసిన రోజు మోసం చేశారనే మాట మీ మీదికే వస్తుంది, ముందు చెప్పనివాళ్ళ మీదికి పోదు. మాలో ఒకరి స్నేహితురాలికి ఇదే జరిగింది. రెండో నెలలో తెలిసి, మాట్లాడటం మానేశారు. అమ్మాయికి బాధ కులం అడిగినందుకు కాదు, ఇన్నాళ్ళు తనను ప్రేమించినవాడు ఆ ఒక్క మాట వాళ్ళమ్మకు చెప్పలేకపోయినందుకు.

రిజర్వేషన్ మీద ఎవరో ఒక బాబాయి తప్పకుండా మాట వేస్తాడు. దానికి ఆ రోజే అంబేద్కర్ నుంచి మొదలుపెట్టి లెక్చర్ ఇవ్వాలని పాయింట్లు రాసుకుని పోవద్దు. "మా ఊరికి హైస్కూల్ పన్నెండు కిలోమీటర్లు బాబాయ్, నడిచిపోయేవాళ్ళం" అని మీకు జరిగింది మీరు చెప్పండి. దూరం మీ ఊరిదే చెప్పండి, మాది కాదు. ఆ మాటకు మీ జంట ఏమంటుందో, ఊరుకుంటుందో, అది మాత్రం గమనించండి. వాళ్ళింటికి పోయినందుకు మీకు తెలిసేది అదే.

మళ్ళీ మన ఇళ్ళకొస్తే, ఒక డౌట్ చాలామందికి ఉంది. మా ఇంట్లో గట్టు చెప్పేవాళ్ళే లేరు, తాతా నానమ్మా చనిపోయారు, నాన్నకు తెలియదు, ఎట్లా? మేనమామల ఊళ్ళో అడగండి, మిమ్మల్ని కన్న తల్లిని ఏ లెక్కన ఇచ్చారో అక్కడ తెలుస్తుంది. అక్కడా లేకపోతే మీ వేల్పు పూజ చేసే పూజారిని అడగండి. మీ ఇంటిపేరు వాళ్ళు పక్క ఊళ్ళల్లో ఉంటారు, వాళ్ళల్లో ఒక ముసలాయన తప్పకుండా ఉంటాడు. మేడారం జాతరకు పోయినప్పుడు సెల్ఫీలు అయ్యాక వడ్డెల ఇళ్ళ దగ్గర ఒక గంట కూర్చున్నా తెలుస్తుంది, కాకపోతే జాతర నాలుగు రోజులూ వాళ్ళకు తీరదు, ముందో వెనకో పోవాలి. అప్పటికీ తెలియకపోతే వాళ్ళింటి పెద్దాయన ముందు "మా గట్టు నాకు తెలియదు పెద్దయ్యా, మా అమ్మది ఫలానా ఇల్లు, ఫలానా ఊరు" అని చెప్పండి. మిగతాది ఆయన ఫోన్ చేసి కనుక్కుంటాడు.